విద్యార్థి మండలి అధ్యక్షుల ప్రమాణం, తొలి ప్రసంగం: కాగితం రాసుకోవడం నుంచి వేదిక దిగేదాకా

ఓట్ల లెక్కింపు అయిపోయింది, మీరు గెలిచారు. వచ్చే సోమవారం అసెంబ్లీలో ప్రమాణ స్వీకారం ఉంటుందని, తర్వాత రెండు మాటలు మాట్లాడాలని హెచ్‌ఎం గారు చెప్పారు. చేతిలో నాలుగైదు రోజులు ఉన్నాయి. ఈ రోజుల్లో మీరు తయారు చేసుకోవాల్సినవి రెండు కాగితాలు. ఒకటి ప్రమాణ పత్రం, రెండోది ప్రసంగం. ప్రమాణంలో ఒక్క అక్షరం కూడా మారకూడదు. ప్రసంగం మాత్రం మీ నోటికి వచ్చిన భాషలో, మీ సొంత మాటల్లో ఉండాలి. చాలా బడుల్లో ఈ రెండూ కలిసిపోయి, ప్రమాణమేమో ఉపన్యాసంలా, ప్రసంగమేమో ప్రతిజ్ఞలా వినిపిస్తాయి. అందుకే దేన్ని ఎలా రాయాలో, ఎలా పలకాలో విడివిడిగా చెబుతాను.

చెప్పేది తేలిగ్గా అందడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఆరు నుంచి పది దాకా తరగతులు. అధ్యక్ష పదవికి ముగ్గురు పోటీ చేస్తే తొమ్మిదో తరగతి అమ్మాయి గెలిచింది. కింద వచ్చే నమూనాలన్నీ ఆ అమ్మాయి కోసం రాసినవే. ప్రైవేటు స్కూళ్లలో హెడ్ బాయ్, హెడ్ గర్ల్ అంటారు, కొన్నిచోట్ల ఎస్‌పీఎల్ అంటారు. పేరు ఏదైనా పద్ధతి ఇదే. విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘాల సంగతి వేరు. అక్కడి ఎన్నికలకు 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ సిఫారసులున్నాయి, ప్రమాణం కూడా ఆ సంఘం నియమావళిని బట్టే నడుస్తుంది.

రాయడానికి ముందు అడిగి తెలుసుకోవాల్సినవి

పెన్ను పట్టుకునే ముందు ఎన్నిక నిర్వహించిన సారు దగ్గరికో మేడమ్ దగ్గరికో వెళ్లి మూడు సంగతులు తెలుసుకోండి. మండలికి రాతపూర్వక నియమాలు ఉన్నాయా? మీ పదవి ఎప్పటిదాకా? మండలి చేతికి డబ్బు వస్తుందా, వస్తే ఎవరి దగ్గర ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు తెలియకుండా రాసిన ప్రమాణం గాలిలో రాసినట్టే ఉంటుంది. లేని నియమాలకు కట్టుబడి ఉంటానని, రాని డబ్బుకు లెక్క చెబుతానని ప్రమాణం చేయలేం కదా.

ప్రమాణం ఎవరు చేయించాలన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. మన రాజ్యాంగంలో రాష్ట్రపతి చేత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, రాష్ట్ర మంత్రుల చేత గవర్నర్ ప్రమాణం చేయిస్తారు. పోటీలో లేనివారు, ఆ పదవి కింద పనిచేయనివారు చేయించాలన్నది ఇందులోని పద్ధతి. బడిలో ఆ స్థానం హెచ్‌ఎంది. పాత అధ్యక్షుల చేత చేయిస్తే బాగుంటుందని కొందరు అంటారు కానీ, వాళ్లకు తగిన పని వేరే ఉంది. ప్రమాణం అయ్యాక బ్యాడ్జి పెట్టడం, మండలి రిజిస్టరు చేతికి ఇవ్వడం వాళ్ల పని.

ఇక్కడ వరుస ముఖ్యం. ముందు ప్రమాణం, ఆ తర్వాత సంతకం, ఆ తర్వాతే బ్యాడ్జి, సాష్. ఫొటోలు బాగా వస్తాయని చాలాచోట్ల ముందే సాష్ వేసి నిలబెడతారు. అలా వేస్తే ఇక ప్రమాణానికి పని ఉండదు, పదవి ముందే ఇచ్చేసినట్టవుతుంది. ఫొటోలు ఆఖర్న తీసుకోవచ్చని పీఈటీ సారుకు ముందుగా చెప్పి ఉంచండి.

ప్రమాణం రాయడం

మన బడుల్లో ఎక్కువగా వినిపించే ప్రమాణం ఇలా ఉంటుంది:

"నేను మా పాఠశాల విద్యార్థి మండలి అధ్యక్షురాలిగా నాకు అప్పగించిన బాధ్యతలను క్రమశిక్షణతో, నిజాయితీతో, అంకితభావంతో నిర్వర్తిస్తూ, పాఠశాల గౌరవ ప్రతిష్ఠలను ఇనుమడింపజేస్తూ, ఉపాధ్యాయులను గౌరవిస్తూ, తోటి విద్యార్థులకు ఆదర్శంగా నిలుస్తానని ప్రమాణం చేస్తున్నాను."

చదవడానికి గంభీరంగానే ఉంది. కానీ పలికేటప్పుడు ఇబ్బంది పెడుతుంది. మన భాషలో క్రియ చివర్న వస్తుంది. హెచ్‌ఎం గారు దీన్ని ముక్కలు చేసి చెబుతుంటే "నిర్వర్తిస్తూ", "ఇనుమడింపజేస్తూ", "గౌరవిస్తూ" అని ప్రతి ముక్కా సగంలో వేలాడుతుంది. మధ్యలో ఒక ముక్క జారిపోయినా చెప్పేవారికీ తెలియదు, వినేవారికీ తెలియదు. ఏం చేస్తానంటున్నారో అర్థమయ్యేసరికి ఊపిరి అయిపోతుంది. పైగా ఇందులో ఏడాది చివర్న నిలబెట్టి "ఇది చేశావా?" అని అడగగలిగిన మాట ఒక్కటీ లేదు. ప్రతిష్ఠ ఇనుమడించిందా లేదా అని ఎవరు తేలుస్తారు?

రోజూ అసెంబ్లీలో చెప్పే ప్రతిజ్ఞను ఒకసారి గుర్తు చేసుకోండి. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు తెలుగులో రాసినది అది. "భారతదేశం నా మాతృభూమి. భారతీయులందరూ నా సహోదరులు." ఎంత చిన్న వాక్యాలో చూడండి. ఏ వాక్యానికి ఆ వాక్యం పూర్తవుతుంది. అందుకే ఒకటో తరగతి పిల్ల కూడా తడబడకుండా తిరిగి చెప్పగలుగుతుంది. మీ ప్రమాణం కూడా ఆ కొలతలోనే ఉండాలి.

కాబట్టి "ప్రమాణం చేస్తున్నాను" అన్న మాటను చివర్నుంచి తీసి మొదటి వాక్యంలోకి తెచ్చేయండి. ఆ తర్వాత చేసే పనులను ఒక్కో వాక్యంగా రాయండి. మన ఉదాహరణలోని అమ్మాయి ప్రమాణ పత్రం ఇలా తయారవుతుంది. గీత ఉన్నచోట ఆగాలి:

"(పూర్తి పేరు) అనే నేను / విద్యార్థి మండలి అధ్యక్షురాలిగా / ఆత్మసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

మండలి నియమాలకు / కట్టుబడి ఉంటాను.

నాకు ఓటు వేసినవారినీ, వేయనివారినీ / ఒకే తీరుగా చూస్తాను.

విద్యార్థులు చెప్పిన సమస్యను / దాచకుండా, మార్చకుండా / ప్రధానోపాధ్యాయుల ముందు పెడతాను.

మండలి చేతికి వచ్చిన ప్రతి రూపాయికీ / లెక్క రాసి చూపిస్తాను.

నా పదవీకాలం ముగిసిన రోజున / రిజిస్టర్లను, బాధ్యతలను / కొత్త మండలికి అప్పగిస్తాను."

ఇంతే. నెమ్మదిగా పలికినా నిమిషం లోపు అయిపోతుంది. ఏడాది చివర్న ప్రతి వాక్యాన్నీ సరిచూడవచ్చు. లెక్క రాసిందా, రిజిస్టరు అప్పగించిందా, చెప్పిన సమస్య హెచ్‌ఎం దాకా వెళ్లిందా అన్నవాటికి అవునో కాదో జవాబు ఉంటుంది. మీ మండలి డబ్బు ముట్టుకోదనుకుంటే ఐదో వాక్యం తీసేయండి. ఆ స్థానంలో మీ బడికి సరిపోయేది ఇంకొకటి పెట్టుకోవచ్చు కానీ, ఆరు వాక్యాలు దాటనివ్వకండి. అబ్బాయి అయితే "అధ్యక్షుడిగా" అని మార్చడం మర్చిపోవద్దు. కిందటేడు పత్రాన్నే తీసి చదివించే బడుల్లో ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది.

"దైవసాక్షిగా" అనాలా, "ఆత్మసాక్షిగా" అనాలా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మంత్రుల ప్రమాణాల నమూనాలు రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఉన్నాయి. అక్కడ రెండు దారులూ ఉన్నాయి, దేవుడి పేరున ప్రమాణం చేయవచ్చు, లేదా మనస్ఫూర్తిగా ధ్రువీకరించవచ్చు. ఎంచుకునేది ప్రమాణం చేసే మనిషి. బడిలో కూడా ఆ హక్కు పిల్లలకే ఉండాలి. అయితే వేదిక మీద నిలబెట్టి "నీకు ఏది కావాలి?" అని అడగడం ఆ పిల్లను నలుగురిలో ఇబ్బంది పెట్టడమే. రెండు రకాల పత్రాలు ముందే రాసి పెట్టి, ఒక రోజు ముందు పక్కకు పిలిచి అడగాలి. మండలి సభ్యులంతా కలిసి ఒకేసారి చెప్పే ప్రమాణమైతే అందరికీ "ఆత్మసాక్షిగా" పెట్టడమే మేలు.

మంత్రుల ప్రమాణం నుంచి తెచ్చుకోకూడనిది కూడా ఒకటి ఉంది. వాళ్లు పదవీ ప్రమాణంతో పాటు రహస్య పరిరక్షణ ప్రమాణం కూడా చేస్తారు. టీవీలో చూసిన ప్రభావంతో కొన్ని స్కూళ్లు దాన్ని పిల్లల ప్రమాణంలోకి దించుతున్నాయి. దయచేసి అలా చేయకండి. రేపు ఆరో తరగతి పాప మీ దగ్గరికి వచ్చి తనను ఎవరో కొడుతున్నారనో, తాకకూడని చోట తాకుతున్నారనో చెప్పవచ్చు. రహస్యంగా ఉంచుతానని ప్రమాణం చేసిన పిల్ల అప్పుడు ఏం చేయాలి? అలాంటి మాట విన్న వెంటనే నమ్మకమున్న టీచరుకు చెప్పాలి, అవసరమైతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. ఏ ప్రమాణమూ దానికి అడ్డు రాకూడదు. పై నమూనాలో "దాచకుండా" అన్న మాట పెట్టింది ఇందుకే.

పత్రం, రిహార్సల్

2009 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా బరాక్ ఒబామా ప్రమాణం చేస్తున్నప్పుడు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ చేతిలో కాగితం లేకుండా, జ్ఞాపకం మీద చెప్పించారు. ఆయన మొదటి ముక్క పూర్తి చేయకముందే ఒబామా అందుకున్నారు. ఆ కంగారులో రాబర్ట్స్ ఒక పదాన్ని తీసుకెళ్లి వాక్యంలో వేరే చోట పెట్టారు. ఒబామా ఆగి చూశారు, సరిచేయబోయి రాబర్ట్స్ ఇంకా తడబడ్డారు. మర్నాడు సాయంత్రం వైట్‌హౌస్‌లో ప్రమాణం మళ్లీ చేయించారు. అంతటి చోట జరిగిన తప్పుకు కారణం మన బడుల్లో జరిగేదే. ఎక్కడ ఆగాలన్నది ఇద్దరికీ ఒకేలా తెలియకపోవడం.

అందుకని ఒకే పత్రానికి రెండు కాపీలు తీయండి, ఒకటి హెచ్‌ఎం గారికి, ఒకటి మీకు. ఆగాల్సిన గీతలు రెండింటిలోనూ ఒకేచోట ఉండాలి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ వదలాలి. ఒక వాక్యం ఈ పేజీలో మొదలై వెనక పేజీలో పూర్తయ్యేలా రాయకండి. ముందురోజు సాయంత్రం హెచ్‌ఎం గారిని ఐదు నిమిషాలు అడిగి, ఇద్దరూ నిలబడి ఒకసారి పూర్తిగా చెప్పుకోండి. చాలామంది హెచ్‌ఎంలు "నాకు తెలుసులేమ్మా" అంటారు. అయినా వదలకుండా వినయంగా అడగండి, ఆ ఐదు నిమిషాలు వాళ్లకూ ఉపయోగమే.

అసలు ముక్కలు ముక్కలుగా చెప్పించడం కన్నా మన రాష్ట్రాల్లో మంత్రులు చేసే పద్ధతే అధ్యక్షులకు మంచిదని నా అభిప్రాయం. గవర్నర్ "నేను" అని అందిస్తారు, అక్కణ్నుంచి మంత్రి తన పేరుతో మొదలుపెట్టి చివరిదాకా తనే చదువుతారు. ఇద్దరి మధ్య ముక్కల లెక్క తప్పే అవకాశమే ఉండదు. మండలి సభ్యులు గుంపుగా చేసే ప్రమాణానికి మాత్రం తిరిగి చెప్పించడమే కుదురుతుంది. అక్కడ ఎప్పుడూ చిక్కు వచ్చేది పేరు దగ్గరే. "నీ పేరు చెప్పు" అని సారు మైకులో అంటే పదిమందిలో ఇద్దరు ముగ్గురు "నీ పేరు చెప్పు" అనే తిరిగి చెప్పేస్తారు. అందుకని చెప్పించేవారు ఒక్క "నేను" దగ్గర ఆగి, చేత్తో సైగ చేసి, అందరూ తమ తమ పేర్లు చెప్పుకునేదాకా రెండు క్షణాలు ఊరుకోవాలి.

కుడిచేయి ముందుకు చాచి చెప్పడం మన బడుల ఆనవాయితీ. అప్పుడు పత్రం ఎడమచేతిలోనే ఉండాలి. ఒక్క కాగితం అయితే గాలికి మడతపడి సరిగ్గా చదవాల్సిన వరుసే కనపడకుండా పోతుంది. పరీక్షలకు తీసుకెళ్లే అట్ట తెచ్చుకుని దానికి క్లిప్పుతో పత్రం బిగించండి. కింది అంచు నడుము మీద ఆనించి, పై అంచు కొద్దిగా ముందుకు వంచి పట్టుకుంటే తల దించకుండానే కనపడుతుంది, అట్ట మీ ముఖానికీ అడ్డం రాదు. చేయి చాచి నిమిషం కన్నా ఎక్కువసేపు నిలబడితే భుజం వణకడం మొదలవుతుంది, దాంతో గొంతూ వణుకుతుంది. ప్రమాణం చిన్నదిగా ఉండాలనడానికి అదీ ఒక కారణం.

మైకు స్టాండు ఎత్తు ముందే సరిచేయించండి. చాలాచోట్ల అది హెచ్‌ఎం గారి ఎత్తుకు బిగించి ఉంటుంది, చిన్నపిల్లలు మునివేళ్ల మీద నిలబడాల్సి వస్తుంది. మైకు మీ గడ్డం ఎత్తులో, జానెడు దూరంలో ఉంటే చాలు. సౌండ్ బాక్సులు మీకు వెనక కాకుండా, మీ ముందు వరుసకు రెండు పక్కలా పిల్లల వైపు తిరిగి ఉండేలా చూడండి. అవి మైకు వైపు తిరిగి ఉంటే కీచుమని కూత వస్తుంది.

పలికేటప్పుడు తప్పు దొర్లితే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. పదం తడబడితే ఆ వాక్యాన్ని మొదట్నుంచి మళ్లీ చెప్పండి, అంతే. క్షమించండి అనాల్సిన పని లేదు. పేరో పదవో తప్పుగా వస్తే మాత్రం మొత్తం ప్రమాణం మళ్లీ చేయాలి. దాన్ని చెప్పాల్సింది హెచ్‌ఎం గారు. "మొదట్నుంచి చెప్పమ్మా" అన్న ఒక్క మాట చాలని రిహార్సల్లోనే ఒప్పందం చేసుకోండి.

ప్రమాణం అవగానే బల్ల మీద ఉన్న రిజిస్టరులో సంతకం చేయాలి. రిజిస్టరులో తేదీ, మీ పూర్తి పేరు, తరగతి, పదవి రాసి, ప్రమాణ పత్రం కాపీ అక్కడే అంటించి ఉంచితే ఇంకా మంచిది. మీ సంతకం కింద హెచ్‌ఎం గారి సంతకం. పెన్ను రాస్తుందో లేదో ముందే చూసుకోండి.

తొలి ప్రసంగం

బ్యాడ్జి పెట్టాక మైకు ముందుకు వస్తారు. పిల్లలు అప్పటికే ఎండలో నిలబడి ఉంటారు. ప్రతిజ్ఞ, వార్తలు, నేటి సూక్తి, హెచ్‌ఎం గారి మాటలు అన్నీ అయ్యాయి. మీకున్న సమయం మూడు నిమిషాలు. అంతకు మించి మాట్లాడితే ముందు వరుసలోని ఆరో తరగతి పిల్లలు కాళ్లు మార్చుకోవడం మొదలుపెడతారు. మీ సమయం అయిపోయిందనడానికి అదే గుర్తు.

మూడు నిమిషాల్లో ఒక్క పని గురించే చెప్పగలం. ఎన్నికల్లో మీరు పది మాటలు ఇచ్చి ఉండవచ్చు. వాటిలోంచి నెల రోజుల్లో జరిగి తీరేది, మీ చేతిలో ఉన్నది ఒక్కటి ఎంచుకోండి. మన ఉదాహరణలోని అమ్మాయి మధ్యాహ్న భోజనం దగ్గరి కొళాయిల గొడవను ఎంచుకుంది. అందులో రెండు భాగాలున్నాయి. ఏ తరగతి ఎప్పుడు వెళ్లాలన్నది మండలి, హెచ్‌ఎం కూర్చుని తేల్చుకోగలిగేది. పాడైన కొళాయిలు బాగు చేయించడానికి డబ్బు కావాలి, అది మండలి చేతిలో లేదు. ఈ తేడాను ప్రసంగంలోనే చెప్పేయాలి. కొళాయిలు కూడా బాగుచేయిస్తానని చప్పట్ల కోసం అనేస్తే, రెండు నెలల తర్వాత వరుస బాగుపడ్డ సంగతి ఎవరికీ గుర్తుండదు, కారుతున్న కొళాయి మాత్రం రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

చెప్పబోయే మార్పుకు హెచ్‌ఎం గారి ఒప్పుదల ముందే తీసుకోండి. వేదిక మీద మీరు ప్రకటించాక ఆయన తల అడ్డంగా ఊపితే ఇద్దరికీ ఇబ్బంది. ఓడినవారి పేరు తీయాలనుకుంటే వాళ్లనూ ముందే అడగాలి. "నాతో పోటీ చేసిన మిత్రులకు కూడా ధన్యవాదాలు" అన్న వాక్యం ప్రతి ఏడూ వింటాం, అది ఎవరినీ తాకదు. వాళ్లు చెప్పిన మంచి మాట ఒకటి తీసుకుని, ఆ పనిని వాళ్లకే అప్పగించండి. వాళ్లకు ఓటు వేసినవారు కూడా అప్పుడు మీ వైపు చూస్తారు.

భాష విషయంలో నా సలహా ఒకటే. ప్రమాణం పుస్తక భాషలో ఉండొచ్చు, ప్రసంగం మాత్రం మీరు వరండాలో మాట్లాడే భాషలోనే ఉండాలి. మీ ఊళ్లో నల్లా అంటే నల్లా అనండి, కొళాయి అంటే కొళాయి అనండి. "వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరు, హోదా చదువుకుంటూ పోతే ఒక నిమిషం అక్కడే పోతుంది. పెద్దలందరికీ కలిపి ఒక నమస్కారం, పిల్లలందరికీ కలిపి ఒక నమస్కారం చాలు. పద్యాలు, మహానుభావుల సూక్తులు కూడా ఈ మూడు నిమిషాల్లో వద్దు. వాటికి మిగతా ఏడాదంతా ఉంది.

ఆ అమ్మాయి ప్రసంగం ఇది:

"ప్రధానోపాధ్యాయులకు, టీచర్లకు, కమిటీ పెద్దలకు నమస్కారం. పదో తరగతి అన్నలకు, అక్కలకు, నా క్లాసు వాళ్లకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

మొన్నటిదాకా మేం ముగ్గురం మిమ్మల్ని ఓటు అడిగాం. మీరు ఈ పని నాకు ఇచ్చారు. లైబ్రరీ పుస్తకాలు ఇంటికి ఇవ్వాలన్న ఆలోచన నాది కాదు, నాతో పోటీ చేసిన పదో తరగతి అన్నది. ఆ పని నువ్వే ముందుండి చేయించాలన్నా అని అడిగాను, సరేనన్నాడు.

ఇవాళ ఒక్క సంగతి చెబుతాను. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే మనమంతా ఒక్కసారే కొళాయిల దగ్గరికి పరిగెడతాం. ఆరు కొళాయిల్లో రెండు పనిచేయవు. పెద్దవాళ్లం ముందు చేతులు కడుక్కుంటాం. ఆరో తరగతి పిల్లలు పళ్లేలు పట్టుకుని చివర్న నిలబడతారు. వాళ్లు అన్నం ముందు కూర్చునేసరికి సగం టైము అయిపోతుంది.

వచ్చే సోమవారం నుంచి ఆరు, ఏడు తరగతులు ముందు వెళ్తాయి. ఐదు నిమిషాల తర్వాత మిగతా వాళ్లం వెళ్దాం. హెచ్‌ఎం గారు దీనికి ఒప్పుకున్నారు. వరుస చూసే డ్యూటీ మండలి వాళ్లది, మొదటి వారం నాది.

పాడైన రెండు కొళాయిలు బాగు చేయించడం నా చేతిలో లేదు. దానికి డబ్బు కావాలి. ఈ శుక్రవారం మండలి తరఫున హెచ్‌ఎం గారికి ఉత్తరం ఇస్తాం. ఏ జవాబు వచ్చినా నోటీసు బోర్డు మీద పెడతాం.

నాతో ఏదైనా చెప్పాలంటే బుధవారం అన్నం తిన్నాక లైబ్రరీ వరండాలో ఉంటాను, రండి. చెప్పడానికి మొహమాటమైతే కాగితం మీద రాసి పెట్టెలో వేయండి. పేరు రాయకపోయినా చదువుతాం.

అన్నలూ, అక్కలూ, ఆ ఐదు నిమిషాలు ఆగడం మీకే కష్టం. ఆకలితో ఆగాలి. చిన్నవాళ్ల కోసం ఆగండి. నమస్కారం."

నెమ్మదిగా చదివితే ఇది రెండు, రెండున్నర నిమిషాలు. మిగిలిన అర నిమిషం చప్పట్లకు, ఊపిరి తీసుకోవడానికి. ఇందులో ఎవరు, ఎప్పటి నుంచి, ఎన్ని నిమిషాలు అన్నవన్నీ స్పష్టంగా ఉన్నాయి. చివర్న అడిగింది కూడా ఒక్కటే, అదీ ఫలానావాళ్లను. "మీ అందరి సహకారం కావాలి" అంటే ఎవరూ ఏమీ చేయరు. ఐదు నిమిషాలు ఆగమంటే ఏం చేయాలో పదో తరగతికి తెలుస్తుంది. కిందటేడు మండలి ఏమీ చేయలేదని ఇందులో ఎక్కడా అనలేదన్నది కూడా గమనించండి. పాత అధ్యక్షురాలు అప్పుడే బ్యాడ్జి పెట్టి పక్కన నిలబడి ఉంటుంది.

మొత్తం బట్టీ పట్టకండి. బట్టీ పట్టినవారు ఒక్క పదం మర్చిపోతే తర్వాతి పదం దొరకదు. మొదటి పేరా, చివరి పేరా నోటికి రావాలి. మధ్యలోని వాటికి చిన్న కాగితం మీద నాలుగు మాటలు రాసుకుంటే సరిపోతుంది: లైబ్రరీ, కొళాయిలు, ఉత్తరం, బుధవారం. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్లో టైమరు పెట్టుకుని గట్టిగా చెప్పి చూడండి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ సమయమే పడుతుంది, మైకు ముందు మోసపోతారు. విన్నవారిని ఒక్కటే అడగండి: "నేను ఏం చేస్తానన్నాను, ఎప్పుడు?" వాళ్లు సరిగ్గా చెప్పగలిగితే ప్రసంగం సిద్ధమైనట్టే. "బాగా మాట్లాడావు" అని మాత్రమే అంటే మధ్య పేరాలు మళ్లీ రాయాలి.

వేదిక మీద చప్పట్లు మొదలైతే అవి తగ్గేదాకా ఆగండి, వాటి మీద మాట్లాడకండి. మీ చూపు ఒక్క మీ క్లాసు వాళ్ల మీదే నిలిచిపోకుండా చూసుకోండి. కొళాయిల సంగతి చెప్పేటప్పుడు ఆరో తరగతి వైపు, చివరి మాటలప్పుడు పదో తరగతి వైపు తిరగండి.

దిగిన తర్వాత, అదే రోజు

ప్రమాణ పత్రం ఇంకో కాపీ తీసి హెచ్‌ఎం గారి అనుమతితో నోటీసు బోర్డు మీద పెట్టండి, ఏడాదంతా అక్కడే ఉండాలి. ప్రసంగంలో మీరు చెప్పిన తేదీలను రిజిస్టరు మొదటి పేజీలో రాయండి. మన ఉదాహరణలో అవి మూడు: శుక్రవారం ఉత్తరం, బుధవారం లైబ్రరీ వరండా, వచ్చే సోమవారం కొత్త వరుస. మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు, ఆ సమయంలో డ్యూటీ ఉన్న టీచరుకు కొత్త వరుస సంగతి ఆ మధ్యాహ్నమే వెళ్లి చెప్పండి. అసెంబ్లీ జరిగేటప్పుడు వాళ్లు వంటగదిలోనో స్టాఫ్ రూములోనో ఉండి మీ మాట విని ఉండకపోవచ్చు. పెట్టె ఇంకా లేకపోతే అట్టపెట్టెకు పైన చీలిక కోసి, టేపు అంటించి, లైబ్రరీ గుమ్మం పక్కన ఆరో తరగతి పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టండి.